టైమ్‌లైన్‌లో దాక్కున్న టైటిల్

తలంబ్రాల ఘట్టం జోరుగా నడుస్తుంటుంది. ఉన్నట్టుండి తెర కింది భాగాన బంగారు రంగు అక్షరాలు మెరుస్తాయి, నాలుగు సెకన్లలో మాయమవుతాయి. ఆ అక్షరాల్లో ఉన్నవి ఈ పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల పేర్లు కావు, కిందటి సీజన్‌లో పెళ్లయిన ఇంకో జంటవి. అది చాలదన్నట్టు అక్కడి నుంచి కొంతసేపు బొమ్మ రంగే మారిపోతుంది. పసుపు మెరుపు తగ్గి మట్టిరంగులోకి దిగుతుంది, మధుపర్కాల తెలుపు నీలంగా కనిపిస్తుంది.

పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలకు ఈ తిప్పలు కొత్త కాదు. ముహూర్తాలు వరసగా ఉన్నప్పుడు పాత ప్రాజెక్టునే వేరే పేరుతో సేవ్ చేసి, అందులో కొత్త షాట్లు పేరుస్తారు. టైటిళ్లు, ట్రాన్సిషన్లు, రంగుల హంగులు సిద్ధంగా ఉంటాయి, సగం పని తప్పుతుంది. పాత జంట పేర్లు కూడా ఎక్కడో ఒక మూల మిగిలిపోతాయి.

"అన్నా, టైటిళ్ల ట్రాక్ మొత్తం ఖాళీ చేసేశా. అయినా పేర్లు వస్తూనే ఉన్నాయి" అంటాడు కొత్తగా చేరిన కుర్రాడు.

"నువ్వు ఖాళీ చేసింది పైకి కనబడే ట్రాక్‌రా. క్లిప్ లోపల ఏముందో చూశావా?" అంటాడు సీనియర్.

ఆ ప్రశ్న చుట్టూనే ఈ పనంతా తిరుగుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను మార్చగలిగే చోట్లు లెక్కపెట్టుకోదగినన్నే ఉన్నాయి. తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో జాగ్రత్తగా గమనిస్తే, వాటిలో ఏ చోట వెతకాలో చాలావరకు ముందే తెలిసిపోతుంది. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది అడోబీ ప్రీమియర్ ప్రో. మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ తర్కం ఇదే, మెనూల పేర్లే వేరు.

బొమ్మ తయారయ్యే తీరు

టైమ్‌లైన్‌లో వీడియో ట్రాకులు కింది నుంచి పైకి V1, V2, V3 అంటూ పేర్చి ఉంటాయి. మామూలు వీడియో క్లిప్ పై ట్రాకులో ఉంటే కింది దాన్ని కప్పేస్తుంది. టైటిల్ అయితే అక్షరాలున్న మేరకే కప్పి, మిగతా చోట కింది బొమ్మను కనబడనిస్తుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఈ రెండు రకాల్లోకీ రాదు. దానికి సొంత బొమ్మ లేదు. దాని మీద వేసిన ఎఫెక్ట్ మాత్రం, దాని కింద ఉన్న ట్రాకులన్నిటి మీదా, అది పరుచుకున్నంత మేర పనిచేస్తుంది. నీలం రంగు కళ్లజోడు పెట్టుకుంటే ఎదురుగా ఉన్నవన్నీ నీలంగా కనబడినట్టన్నమాట. కింది షాట్లలో ఏదీ మారలేదు కాబట్టి, ఆ షాట్లను ఎంత తరచి చూసినా తప్పు దొరకదు. ఈ పద్ధతి 1996లో ఫొటోషాప్ 4.0తో ఫొటోలవాళ్లకు అలవాటైంది, 2012లో CS6 వెర్షన్‌తో ప్రీమియర్‌లోకి వచ్చింది. ఇప్పుడు సినిమా లుక్ కావాలన్న ప్రతి ఎడిటరూ ముందు చేసే పని, పైన ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ పరిచి దాని మీద Lumetri Color వేయడం.

రెండో మాటు నెస్ట్. కొన్ని క్లిప్పులను ఎంచుకుని రైట్ క్లిక్ చేసి Nest అంటే, అవన్నీ ఒక కొత్త సీక్వెన్స్‌లోకి వెళ్లిపోతాయి. అసలు టైమ్‌లైన్‌లో వాటి స్థానంలో ఒకే ఒక క్లిప్ మిగులుతుంది. లోపల మూడు ట్రాకులున్నా, ఇరవై షాట్లున్నా, టైటిళ్లున్నా బయటికి కనబడేది ఒక్క పట్టీయే. పేరు మార్చకపోతే దాని మీద Nested Sequence 01 లాంటి పేరు ఉంటుంది. మామూలు సెట్టింగుల్లో దాని రంగు ఆకుపచ్చ, చుట్టూ ఉన్న షాట్ల కంటే వేరుగా కనిపిస్తుంది. అయితే ఆ రంగును ఎవరైనా ఎప్పుడైనా మార్చేయవచ్చు కాబట్టి దాన్నే నమ్ముకోకూడదు. నెస్ట్ లోపల ఇంకో నెస్ట్ ఉండవచ్చు, దాని లోపల మరొకటీ ఉండవచ్చు. రెండు, మూడు కెమెరాల షాట్లను కలిపి చేసే మల్టీకెమెరా సీక్వెన్స్ కూడా నిజానికి ఒక రకం నెస్టే.

తప్పు హద్దులు ఏం చెబుతాయి

వెతకడం మొదలుపెట్టే ముందు ఆ తప్పు ఏ ఫ్రేములో మొదలవుతోందో, ఏ ఫ్రేములో ఆగుతోందో చూడాలి. ఎడమ, కుడి బాణం కీలతో ఒక్కో ఫ్రేమూ కదుపుతూ ఆ రెండు చోట్లా టైమ్‌కోడ్ రాసుకుంటే చాలు.

రంగు మార్పు సరిగ్గా ఒక షాట్‌తో మొదలై ఆ షాట్‌తోనే ఆగిపోతే, అది ఆ క్లిప్ మీద వేసిన ఎఫెక్ట్ కావడానికే ఎక్కువ అవకాశం. షాట్ మధ్యలో మొదలై, నాలుగైదు కట్లు దాటి, మళ్లీ ఇంకో షాట్ మధ్యలో ఆగిపోతే పైన అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఉన్నట్టే లెక్క. వీడియోలో ఎక్కడెక్కడో విడివిడిగా ఉన్న షాట్లు ఒకేలా పాడై, అవన్నీ ఒకే కెమెరా ఫైలులోంచి వచ్చినవైతే, ఎఫెక్ట్ టైమ్‌లైన్‌లో కాదు, ఆ మూల ఫైలు మీదే ఉంది. టైమ్‌లైన్‌లో శుభ్రంగా ఉండి, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో మాత్రమే కనబడితే ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో చూడాలి.

టైటిల్ విషయంలో ఇంకో ఆనవాలుంది. అడ్జస్ట్‌మెంట్ లేయర్ తన కింద ఉన్నవాటి రంగునే మారుస్తుంది. అనవసరపు టైటిల్ అక్షరాలు కూడా బొమ్మతోపాటు నీలం తిరిగితే, ఆ టైటిల్ అడ్జస్ట్‌మెంట్ లేయర్‌కు కిందే ఎక్కడో ఉంది. అక్షరాలు మాత్రం స్వచ్ఛమైన తెలుపులోనో బంగారు రంగులోనో ఉండి, వెనక బొమ్మ ఒక్కటే రంగు మారితే, టైటిల్ ఆ లేయర్‌కు పైన ఉంది. ఈ ఒక్క సంగతితో వెతకాల్సిన ట్రాకులు సగానికి తగ్గిపోతాయి.

ఎఫెక్ట్ కాదా అన్నది తేల్చుకోవడానికి ప్రీమియర్‌లోనే ఒక బటన్ ఉంది. ప్రోగ్రామ్ మానిటర్ కింద ఉన్న + గుర్తు నొక్కి, Global FX Mute అనే బటన్‌ను బయటికి లాగి పెట్టుకోవచ్చు. అది నొక్కితే క్లిప్పుల మీద వేసిన ఎఫెక్టులు చూడటం వరకే ఆగిపోతాయి. ఎక్స్‌పోర్ట్‌కు దానితో సంబంధం లేదు. నొక్కగానే నీలం రంగు పోయిందంటే అది ఎఫెక్టే అని ఖాయం. పోకపోతే మాత్రం ఏమీ తేలలేదని అనుకోవాలి, ఫైలులోనే రంగు కలిసిపోయి ఉండవచ్చు.

ఒక ప్రాజెక్టు, మూడు దొంగచాట్లు

ఇప్పుడు ఆ తలంబ్రాల ప్రాజెక్టునే తెరిచి చూద్దాం. సీక్వెన్స్ సెకనుకు 25 ఫ్రేములది. టైమ్‌కోడ్‌లో చివరి రెండంకెలు ఫ్రేములు కాబట్టి, 00:03:12:10 అంటే మూడు నిమిషాల పన్నెండు సెకన్ల పది ఫ్రేములు. పాత జంట పేర్లు మొదటిసారి కనబడేది అక్కడే. నీలం రంగు మాత్రం అంతకుముందే, 00:02:55:00 దగ్గర, ఒక షాట్ మధ్యలో మొదలవుతోంది. అక్షరాలు కూడా కాస్త నీలం తిరిగే ఉన్నాయి.

మొదటి పని, ట్రాకులన్నీ నిజంగా కంటికి కనబడుతున్నాయో లేదో చూడటం. టైమ్‌లైన్ ప్యానెల్ ఎత్తు చాలకపోతే పై ట్రాకులు తెర దాటి పైకి వెళ్లిపోయి ఉంటాయి. కుడి పక్క స్క్రోల్ పట్టీని పైకి జరిపితే తప్ప అవి ఉన్నాయన్న సంగతే తెలియదు. \ కీ నొక్కితే సీక్వెన్స్ మొత్తం వెడల్పులో సరిపోతుంది. Shift, = కలిపి నొక్కితే ట్రాకులన్నీ ఎత్తు పెరుగుతాయి. ఇలా చేయగానే ఈ ప్రాజెక్టులో V5 అనే ట్రాక్ బయటపడింది. దాని మీద 00:02:55:00 నుంచి దాదాపు నిమిషం పొడవున ఒక అడ్జస్ట్‌మెంట్ లేయర్ పరుచుకుని ఉంది. పాత పెళ్లిలో అది ఏ ఘట్టం కోసం వేశారో గానీ, ఇక్కడ తలంబ్రాల మీద వచ్చి పడింది.

రెండో పని, తొలగించకుండా ఆపి చూడటం. లేయర్‌ను రైట్ క్లిక్ చేసి Enable దగ్గరున్న టిక్ తీసేస్తే క్లిప్ మసకబారుతుంది, పనిచేయడం మానేస్తుంది, స్థానం మాత్రం అలాగే ఉంటుంది. నేరుగా డిలీట్ చేస్తే ఇబ్బంది ఏమిటంటే, అదే లేయర్ మీద రంగుతోపాటు ఏ జూమో, నల్లపట్టీలో కూడా ఉండి ఉండవచ్చు. అవి పోయాయన్న సంగతి పది నిమిషాల తర్వాత, ఇంకెక్కడో తెలుస్తుంది. ఆపిన తర్వాత బొమ్మలో ఏం మారిందో చూసి, Effect Controls ప్యానెల్‌లో ఆ లేయర్ మీదున్న ఎఫెక్టుల జాబితా చదివి, అక్కర్లేనిదాన్ని మాత్రమే తీసేయడం మేలు.

లేయర్ ఆపగానే చాలా షాట్లు మామూలు రంగుకు వచ్చాయి. పసుపు పసుపులా కనిపించింది. టైటిల్ మాత్రం అలాగే ఉంది, కాకపోతే నీలం పోయి అసలు బంగారు రంగులోకి తిరిగింది. అది V5కి కిందే ఉందని దీనితో రూఢి అయింది.

ఏ ట్రాక్ అన్నది తేల్చడానికి ట్రాక్ ఎడమ చివరనున్న కంటి బొమ్మ పనికొస్తుంది. Shift నొక్కిపట్టి ఏదో ఒక కంటి మీద క్లిక్ చేస్తే అన్ని వీడియో ట్రాకులూ ఒకేసారి ఆరిపోతాయి. తర్వాత V1 నుంచి ఒక్కొక్కటే వెలిగిస్తూ పోవాలి. V1 వెలిగించినప్పుడు అక్షింతల షాట్ వచ్చింది, అక్షరాల్లేవు. V2 వెలిగించగానే పేర్లు ప్రత్యక్షమయ్యాయి. 00:03:12:10 దగ్గర V2లో ఉన్నది 00:02:40:00 నుంచి మొదలయ్యే ఒక పొడవాటి ఆకుపచ్చ క్లిప్. దాని మీద అక్షరాలేవీ లేవు. పేరు మాత్రం ఉంది, Nested Sequence 02 అని.

దాని మీద డబుల్ క్లిక్ చేస్తే లోపలి టైమ్‌లైన్ కొత్త ట్యాబ్‌గా తెరుచుకుంటుంది. లోపల గడియారం వేరు, సున్నా నుంచి మొదలవుతుంది. బయట మూడు నిమిషాల పన్నెండో సెకను అంటే లోపల ఎక్కడ? క్లిప్ మొదలైన చోటు నుంచి టైటిల్ దాకా 32 సెకన్ల 10 ఫ్రేములు. అయితే నెస్ట్ తయారయ్యాక దాని ముందు భాగాన్ని 5 సెకన్లు కత్తిరించారు, ఆ అయిదూ కలుపుకోవాలి. అంటే లోపల చూడాల్సిన చోటు 00:00:37:10. ఈ లెక్క వేసుకోకుండా లోపల 00:00:32:10 దగ్గర చూసిన ఎడిటర్‌కు ఖాళీ కనబడుతుంది, ఇక్కడ లేదని బయటికి వచ్చేస్తాడు. నెస్ట్ వేగం మార్చి ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. సగం వేగంతో నడిచే నెస్ట్‌లో బయట 32 సెకన్ల 10 ఫ్రేములు గడిస్తే లోపల గడిచేది 16 సెకన్ల 5 ఫ్రేములే.

లోపల 00:00:37:10 దగ్గర రెండే ట్రాకులున్నాయి. V1లో రెండో కెమెరాతో దగ్గరగా తీసిన తలంబ్రాల షాట్లు. V2లో నాలుగు సెకన్ల క్లిప్ ఒకటి, చూడటానికి పూర్తిగా నలుపు. ఏదో ఖాళీ నలుపు ముక్క మిగిలిపోయిందనుకుని ఎవరూ పట్టించుకోని రకం. పరిశీలిస్తే ఆ క్లిప్ మీదున్న చిన్న fx గుర్తు పసుపు రంగులో ఉంది. ఏ ఎఫెక్టూ వేయని క్లిప్‌కు ఆ గుర్తు బూడిద రంగులో ఉంటుంది. ఎఫెక్ట్ వేస్తే ఊదా రంగుకు మారుతుంది. పసుపు అంటే ప్రతి క్లిప్‌కూ పుట్టుకతో వచ్చే Motion, Opacity లాంటి అమరికల్లో ఏదో మార్చారని అర్థం. రెండూ జరిగితే ఆకుపచ్చ. ఆ క్లిప్‌ను ఎంచుకుని Effect Controls చూస్తే Opacity కింద Blend Mode దగ్గర Screen అని ఉంది. Screen పద్ధతిలో నలుపు కనబడకుండా పోతుంది, వెలుతురున్న భాగం మాత్రమే కింది బొమ్మ మీద తేలుతుంది. నల్లటి నేపథ్యం మీద మెరిసే బంగారు అక్షరాల టెంప్లేట్లను వాడే పద్ధతే ఇది. మొదటి ఫ్రేమ్ నల్లగా ఉండి అక్షరాలు తర్వాత మెల్లగా వెలుగుతాయి కాబట్టి, క్లిప్ మీది చిన్న బొమ్మలో నలుపు తప్ప ఏమీ కనబడలేదు.

ఆ నల్ల క్లిప్ కూడా నెస్టే. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే చివరికి అసలు అక్షరాలు బయటపడ్డాయి. బయటి టైమ్‌లైన్ నుంచి రెండు మెట్లు దిగితే గానీ పాత జంట పేర్లు చేతికి దొరకలేదు.

దీని తర్వాత కూడా పని పూర్తి కాలేదు. అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఆపేశాక మిగతా షాట్లన్నీ బాగుపడ్డాయి గానీ, మంటపానికి కుడిపక్క నుంచి తీసిన షాట్లు ఇంకా నీలంగానే ఉన్నాయి. అవి తలంబ్రాల దగ్గరే కాదు, జీలకర్ర బెల్లం దగ్గరా, అప్పగింతల దగ్గరా అలాగే ఉన్నాయి. అన్నీ రెండో కెమెరా ఫైలులోవే. క్లిప్‌ను ఎంచుకుని Effect Controls చూస్తే Motion, Opacity తప్ప ఏమీ లేదు. అయితే fx గుర్తు కింద సన్నటి ఎర్ర గీత ఉంది.

ఆ ఎర్ర గీతకు అర్థం, ఎఫెక్ట్ ఈ క్లిప్ మీద కాకుండా దాని మూల ఫైలు మీద వేశారని. 2014 నుంచి ప్రీమియర్‌లో ఈ సౌకర్యం ఉంది. ఎఫెక్ట్‌ను టైమ్‌లైన్‌లోని క్లిప్ మీద కాకుండా ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని ఫైలు మీద వదిలితే, ఆ ఫైలులోంచి వాడిన ప్రతి ముక్కకూ అది వర్తిస్తుంది. Effect Controls ప్యానెల్ పైభాగాన రెండు పేర్లుంటాయి. కుడి పక్కది టైమ్‌లైన్‌లోని ముక్కది, ఎడమ పక్కది మూల ఫైలుది. కొత్త వెర్షన్లలో ఎడమదాన్ని Source అంటారు, పాతవాటిలో Master అని ఉండేది. ప్యానెల్ ఎప్పుడూ కుడి పక్కదే తెరిచి చూపుతుంది కాబట్టి, ఎడమ పేరు మీద క్లిక్ చేయాలని తట్టనివాళ్లకు ఈ ఎఫెక్ట్ లేనట్టే. అక్కడ క్లిక్ చేయగానే Lumetri Color కనబడింది. దాన్ని తీసేస్తే మూడు ఘట్టాల్లోని షాట్లూ ఒకేసారి మామూలయ్యాయి.

టైమ్‌లైన్‌లోని క్లిప్‌ను రైట్ క్లిక్ చేసి Remove Attributes అంటే ఎఫెక్టులన్నీ పోతాయని చాలామంది అనుకుంటారు. అది పోగొట్టేది ఆ ముక్క మీద వేసినవే. మూల ఫైలు మీద ఉన్నదాని జోలికి అది వెళ్లదు.

ఒకచోట సరిచేస్తే నాలుగుచోట్ల మారడం

నెస్ట్ లోపల దిద్దేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. టైమ్‌లైన్‌లో నెస్ట్‌ను కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే, రెండో సీక్వెన్స్ పుట్టదు. రెండు పట్టీలూ ఒకే సీక్వెన్స్‌ను చూపిస్తాయి. లోపల ఒక టైటిల్ తీసేస్తే రెండుచోట్లా పోతుంది. ఇక్కడ పాత జంట పేర్లు కాబట్టి అంతటా పోవడమే కావాలి. కానీ పెళ్లికొడుకు తాతగారి పేరున్న టైటిల్ ఆశీర్వచనం దగ్గర ఉండాలి, తలంబ్రాల దగ్గర వద్దు అనుకున్నప్పుడు, లోపలికి వెళ్లి డిలీట్ కొడితే ఆశీర్వచనం దగ్గరా ఖాళీ అవుతుంది.

ప్రాజెక్ట్ ప్యానెల్‌ను జాబితా రూపంలో పెడితే Video Usage అనే నిలువు వరస చూసుకోవచ్చు. ఒక నెస్ట్‌నో, ఫైలునో ఎన్నిసార్లు వాడారో అది చెబుతుంది. ఒకటి కంటే ఎక్కువ ఉంటే, ముందు ఆ సీక్వెన్స్‌ను ప్రాజెక్ట్ ప్యానెల్‌లో Duplicate చేసుకుని, కొత్త కాపీని కావాల్సిన చోట మాత్రమే పాతదాని బదులు పెట్టి, ఆ కాపీలోనే టైటిల్ తీసేయాలి.

నెస్ట్‌ను అసలు వద్దనుకుని లోపలి క్లిప్పులను బయట పరచడానికి కూడా దారి ఉంది. టైమ్‌లైన్ ఎడమ పైమూలన ఉన్న Insert and overwrite sequences as nests or individual clips అనే బటన్‌ను ఆపి, ప్రాజెక్ట్ ప్యానెల్ నుంచి ఆ సీక్వెన్స్‌ను టైమ్‌లైన్ మీదికి లాగితే, ఒక్క పట్టీగా కాకుండా విడివిడి క్లిప్పులుగా దిగుతుంది. ఇక్కడ నష్టం ఏమిటంటే, నెస్ట్ పట్టీ మీద వేసిన ఎఫెక్టులు, వేగం మార్పులు ఈ విడి క్లిప్పులకు అంటుకోవు. పట్టీ మీద వేసిన రంగే అనవసరపు లుక్ అయితే అది లాభమే. స్లో మోషన్ కూడా దాని మీదే ఉంటే మళ్లీ చేసుకోవాలి.

టైమ్‌లైన్‌లో దొరకనప్పుడు

ట్రాకులన్నీ చూశాక, నెస్టులన్నీ తెరిచాక, ఎర్ర గీతలు కూడా లేవని తేలాక ఇంకా లుక్ పోకపోతే, ముందు అనుమానించాల్సింది Render and Replace. కంప్యూటర్ బరువుకు తట్టుకోలేనప్పుడు ఎడిటర్లు ఈ ఆదేశంతో ఎఫెక్టులున్న క్లిప్‌ను కొత్త వీడియో ఫైలుగా మార్చి, దాన్నే టైమ్‌లైన్‌లో పెడతారు. ఎఫెక్టులు ఆ ఫైలులో కలిసిపోతాయి, Effect Controls ఖాళీగా కనిపిస్తుంది. క్లిప్‌ను రైట్ క్లిక్ చేసినప్పుడు Restore Unrendered అన్న ఆదేశం పనిచేస్తుంటే విషయం అదే. అది నొక్కితే పాత క్లిప్, దాని మీది ఎఫెక్టులు తిరిగి వస్తాయి, అప్పుడు తీసేయవచ్చు.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో మాత్రమే తప్పు ఉంటే, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో Effects అనే భాగాన్ని తెరవాలి. అక్కడ Lumetri Look / LUT, Image Overlay, Name Overlay, Timecode Overlay అని విడివిడి టిక్కులుంటాయి. క్లయింటుకు ముందుగా చూపించే కాపీ మీద స్టూడియో పేరో, టైమ్‌కోడో వేయడానికి ఇవి వాడతారు. ఆ సెట్టింగును ప్రీసెట్‌గా సేవ్ చేసి, అదే ప్రీసెట్‌తో చివరి కాపీ తీస్తే ఆ పేరు అందులోనూ పడుతుంది. టైమ్‌లైన్‌లో ఎంత వెతికినా అది దొరకదు, ఎందుకంటే అక్కడ అది లేనే లేదు.

దీనికి తిరగబడిన కేసు ప్రాక్సీ. పెద్ద ఫైళ్ల బదులు చిన్న కాపీలతో పనిచేసేటప్పుడు, ఆ కాపీల మీద గుర్తుకోసం వాటర్‌మార్క్ వేసే వీలుంది. అది టైమ్‌లైన్‌లో ప్రతి షాట్ మీదా కనబడి కంగారు పెడుతుంది. ప్రోగ్రామ్ మానిటర్‌లో Toggle Proxies బటన్ ఆపితే మాయమవుతుంది. డబ్బు కట్టని ట్రయల్ ప్లగిన్ వేసే అడ్డగీతలు, లోగోలు మాత్రం ఇలా పోవు. అవి ఆ ఎఫెక్ట్‌లోనే ఉంటాయి కాబట్టి దాన్ని తీసేయాలి, లేదా కొనాలి.

టైటిల్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసి ప్రీమియర్‌కు లింక్ చేసినదైతే, వెతుకులాట అక్కడికి మారుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో నెస్ట్‌ను ప్రీకంప్ అంటారు. అక్కడ లేయర్‌ను Shy అని గుర్తు పెట్టి జాబితాలో కనబడకుండా దాచవచ్చు, కానీ బొమ్మలో అది యథావిధిగా పనిచేస్తూనే ఉంటుంది. టైమ్‌లైన్ పైభాగంలో ఉండే Hide Shy Layers స్విచ్ ఆపితే దాచిన లేయర్లన్నీ జాబితాలోకి వస్తాయి.

డావిన్చి రిజాల్వ్ వాడేవాళ్లకు నెస్ట్ స్థానంలో కాంపౌండ్ క్లిప్ ఉంటుంది. రైట్ క్లిక్ చేసి Open in Timeline అంటే లోపలికి వెళ్లవచ్చు, Decompose in Place అంటే అక్కడికక్కడే విడిపోతుంది. అడ్జస్ట్‌మెంట్ క్లిప్ దానిలో 2019లో, 16వ వెర్షన్‌తో వచ్చింది. రిజాల్వ్‌లో రంగు దాక్కునే చోటు ఇంకొకటుంది. కలర్ పేజీలో నోడ్ల పైన Clip అని ఉన్నచోట Timeline అని మార్చి చూస్తే, మొత్తం టైమ్‌లైన్‌కు వర్తించే గ్రేడ్ ఏదైనా ఉంటే బయటపడుతుంది. ఒక్క షాట్ కూడా వదలకుండా వీడియో అంతా ఒకే రంగు తిరిగి, ఎడిట్ పేజీలో అడ్జస్ట్‌మెంట్ క్లిప్ కనబడకపోతే ముందు చూడాల్సింది అక్కడే. ఫైనల్ కట్ ప్రోలో కాంపౌండ్ క్లిప్‌ను డబుల్ క్లిక్‌తో తెరవవచ్చు, Break Apart Clip Items తో విడదీయవచ్చు. ఫైనల్ కట్‌లో చాలాకాలం అడ్జస్ట్‌మెంట్ లేయర్ లేకపోవడంతో, అక్షరాల్లేని ఖాళీ టైటిల్ మీద ఎఫెక్ట్ వేసి ఆ పని కానిచ్చేవారు. అందుకే పాత ప్రాజెక్టులో ఖాళీ టైటిల్ కనబడితే పనికిరానిదని తీసిపారేయకుండా, దాని మీద ఏముందో చూడాలి.

ఇవన్నీ చూశాక కూడా అక్షరాలు పోకపోతే మిగిలేది ఒకటే. ఆ క్లిప్ ఫైలు ఎక్కడుందో కనుక్కుని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పనిలేకుండా VLC లాంటి మామూలు ప్లేయర్‌లో ఆడించి చూడాలి. అందులోనూ అవే అక్షరాలు కనబడితే, ఎవరో టైటిల్‌తో సహా ఎక్స్‌పోర్ట్ చేసిన వీడియోనే మళ్లీ ముడి షాట్‌గా వాడారని అర్థం. అక్షరాలు, బొమ్మ ఒకే ఫ్రేములో కలిసిపోయాయి, వాటిని విడదీసే లేయర్ ఏదీ లేదు. ఫ్రేమును కాస్త పెద్దది చేసి అక్షరాలున్న అంచును తెర బయటికి తోసేయవచ్చు, దాని మీద కొత్త టైటిల్ పట్టీ వేసి కప్పవచ్చు. రెండూ వద్దనుకుంటే కెమెరా కార్డులోంచి దించుకున్న అసలు ఫైళ్లున్న హార్డ్ డిస్క్ వెతకాలి. అసలు షాట్ దొరికితే, కలిసిపోయిన క్లిప్‌ను ప్రాజెక్ట్ ప్యానెల్‌లో రైట్ క్లిక్ చేసి Replace Footage తో మార్చేయవచ్చు. రెండు ఫైళ్ల మొదలు ఒకే ఫ్రేము కాకపోతే షాట్లు జరిగిపోతాయి కాబట్టి, ఒక అక్షింత గాల్లో ఉన్న ఫ్రేమునో, చప్పట్లు తాకిన ఫ్రేమునో పట్టుకుని రెంటినీ సరిచూసుకోవాల్సి ఉంటుంది.